రెండు మెయిళ్లకు జవాబు రాలేదు, మూడోది ఎలా రాయాలి?

రెండు మెయిళ్లకు జవాబు రాని తర్వాత రాసే మూడో రిమైండర్ సాధారణంగా రెండు దారుల్లో ఒకటి పడుతుంది. మొదటి మెయిల్‌లోని మాటలే ఇంకాస్త వినయం పులుముకుని తిరిగి వెళ్తాయి. లేదంటే అప్పటిదాకా దిగమింగుకున్న చిరాకంతా నాలుగు వాక్యాల్లో బయటపడుతుంది. ఈ రెండిట్లోనూ స్వరం మారుతుంది, అడిగే ప్రశ్న మాత్రం మారదు. అవతలి మనిషి మొదటిసారి ఏ కారణంతో జవాబివ్వలేకపోయారో ఆ కారణం మూడోసారీ అలాగే ఉంటుంది కాబట్టి ఫలితమూ మారదు.

ఈ ఇబ్బంది ఎక్కువగా ఎదురయ్యేది రావాల్సిన బిల్లు డబ్బుల దగ్గర. ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. విజయవాడలోని ఒక చిన్న ప్రింటింగ్ ప్రెస్, హైదరాబాద్‌లోని ఒక ఆహార పదార్థాల కంపెనీకి ప్యాకింగ్ పెట్టెలు తయారుచేసి జులై 3న సరఫరా చేసింది. బిల్లు 1,84,500 రూపాయలు. సరుకు అందిన 45 రోజుల్లో చెల్లించాలని ఒప్పందం, అంటే గడువు ఆగస్టు 17. ఆ తేదీ దాటినా డబ్బు రాలేదు. ప్రెస్ యజమాని ఆగస్టు 20న కంపెనీ అకౌంట్స్ విభాగానికి మొదటి మెయిల్ రాశారు: “నమస్కారం. మా బిల్లు పెండింగ్‌లో ఉంది. దయచేసి వీలైనంత త్వరగా పేమెంట్ చేయించగలరు.” జవాబు లేదు. ఆగస్టు 29న రెండోది: “నమస్కారం. మా ముందు మెయిల్ చూడగలరు. పేమెంట్ ఎప్పుడు వస్తుందో తెలియజేయగలరని మనవి.” దానికీ జవాబు లేదు. సెప్టెంబర్ 9న, గడువు దాటి 23 రోజులైన తర్వాత, మూడోదాని ముసాయిదా ఇలా తయారైంది:

“నమస్కారం అండీ. మళ్లీ మళ్లీ ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించాలి. ఇప్పటికే రెండుసార్లు మెయిల్ చేసినా మీరు ఎలాంటి స్పందనా ఇవ్వలేదు. మాది చిన్న ప్రెస్, పేపర్ డీలర్లకు మేమూ డబ్బు కట్టాలి. పరిస్థితి అర్థం చేసుకుని, వీలు చూసుకుని మా పేమెంట్ సంగతి కాస్త చూడగలరు. అన్యథా భావించవద్దు.”

ఇందులో మర్యాదకు లోటు లేదు. అయినా ఇది పని జరిపించే ఉత్తరం కాదు. ఎందుకో తెలియాలంటే ముందు అవతలి బల్ల దగ్గర ఏం జరుగుతుందో చూడాలి.

ఒక మోస్తరు కంపెనీలో సరఫరాదారు బిల్లు డబ్బుగా మారేలోపు చాలా చేతులు మారుతుంది. సరుకు గేటు దగ్గర నమోదవుతుంది. స్టోర్స్ వాళ్లు లెక్కపెట్టుకుని, నాణ్యత చూసుకుని, సరుకు అందినట్టు రసీదు తయారుచేస్తారు. దాన్ని అందరూ జీఆర్ఎన్ అంటారు. అకౌంట్స్‌లో బిల్లు నమోదు చేసే ఉద్యోగి పర్చేజ్ ఆర్డర్, జీఆర్ఎన్, ఇన్‌వాయిస్ మూడింటినీ పక్కపక్కన పెట్టుకుని చూస్తారు. వాటిలో పరిమాణం, రేటు, మొత్తం సరిపోతేనే బిల్లు ముందుకు కదులుతుంది. ఆ పైన ఒక అధికారి ఆమోదం కావాలి. ఆమోదమైన బిల్లులను వారానికోసారో పదిహేను రోజులకోసారో ఒక జాబితాగా బ్యాంకుకు పంపుతారు. మెయిల్ చదివే మనిషి ఈ గొలుసులో ఒక్క లంకె మాత్రమే. “పేమెంట్ ఎప్పుడు వస్తుంది?” అన్న ప్రశ్నకు జవాబు చెప్పే అధికారం చాలాసార్లు ఆయనకు ఉండదు. తేదీ చెబితే మాట ఇచ్చినట్టవుతుంది, ఆ తేదీకి డబ్బు వెళ్లకపోతే తప్పు తన మీదికి వస్తుంది. అందుకే మెయిల్ చూసి, తర్వాత చూద్దామని పక్కన పెడతారు.

మౌనానికి మామూలుగా ఉండే కారణాలు నాలుగే. మెయిల్ అసలు మనిషికి చేరలేదు: స్పామ్‌లో పడింది, ఉద్యోగి మారిపోయారు, లేదా అది వేరే విభాగం పని. లేకపోతే చేరింది కానీ కాగితాల్లో ఏదో తేడాతో బిల్లు ఆగింది, ఆ తేడా గురించి రాయడానికి ఎవరికీ తీరిక లేదు. లేకపోతే అంతా సవ్యంగానే ఉంది, చెల్లింపుల జాబితాలో వంతు రావాలి. చివరిది, కంపెనీ దగ్గర డబ్బు లేక కావాలనే ఆపుతోంది. మొదటి రెండు మెయిళ్లు రాసిన తీరు ఈ నాలుగింటిలో ఏది జరిగిందో తేల్చలేదు. మూడో మెయిల్ చేయాల్సిన పని అది. డబ్బు రాబట్టడం తర్వాతి మాట, బిల్లు ఎక్కడ ఆగిందో బయటపెట్టడం ముందు మాట.

ఈ దృష్టితో ముసాయిదాను మళ్లీ చదివితే లోపాలు ఒక్కొక్కటే కనిపిస్తాయి. మొదటి వాక్యమే క్షమాపణ. రావాల్సిన సొమ్ము అడగడం తప్పు కాదు. తప్పు చేసినట్టు మొదలుపెడితే చదివేవారికి ఇది తొందరలేని వ్యవహారంలా కనిపిస్తుంది. క్షమాపణ తీసేస్తే మర్యాద తగ్గిపోతుందన్న భయం అనవసరం. పేరు చివర ‘గారు’, మొదట నమస్కారం, చివర ధన్యవాదాలు ఆ పని చక్కగా చేస్తాయి.

రెండో వాక్యం దీనికి పూర్తి వ్యతిరేకం. “మీరు ఎలాంటి స్పందనా ఇవ్వలేదు” అన్నది నిందే. పైగా అది నిజమో కాదో పంపేవారికి తెలియదు. స్పామ్‌లో పడిన మెయిల్‌కు స్పందించనందుకు ఎవరినీ తప్పు పట్టలేం. “జవాబు మాకు అందలేదు” అంటే తెలిసిన విషయమే చెప్పినట్టవుతుంది, అవతలివారికి తప్పుకునే దారీ మిగులుతుంది. జవాబివ్వని మనిషికి ముఖం చెల్లకపోవడం కూడా ఒక అడ్డంకే. మూడు వారాలు ఊరుకున్నాక ఇప్పుడేమని రాయాలన్న మొహమాటంతో ఇంకో వారం ఊరుకునేవాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. ఆ మొహమాటాన్ని తీసేసే వాక్యం ఒకటి ఉత్తరంలో ఉండటం మంచిది.

పేపర్ డీలర్ల బాకీ మాట నిజమే కావచ్చు. కానీ దాన్ని విని చేయగలిగింది ఆ గుమాస్తా దగ్గర ఏమీ లేదు. సానుభూతి కలిగినా జీఆర్ఎన్ లేని బిల్లును ఆయన పాస్ చేయలేరు. ఆ వాక్యం ఆక్రమించిన చోట ఇన్‌వాయిస్ నంబరు ఉండాల్సింది. విచిత్రమేమిటంటే మూడు మెయిళ్లలో ఎక్కడా బిల్లు నంబరు గానీ మొత్తం గానీ పర్చేజ్ ఆర్డర్ నంబరు గానీ లేదు. పంపేవారికి అది ఉన్న ఒకే ఒక్క బిల్లు. అందుకునేవారికి కట్టల్లో ఒకటి. నంబరు లేని మెయిల్‌కు జవాబివ్వాలంటే ముందు వెతకాలి. ఆ వెతుకులాటే వాయిదాకు చాలినంత కారణం.

ఇక “వీలు చూసుకుని”, “కాస్త”, “వీలైనంత త్వరగా” వంటి మాటలు. మాట్లాడేటప్పుడు ఇవి సంభాషణను మెత్తబరుస్తాయి. రాతలో ఇవి వాయిదాకు అనుమతి పత్రాలు. వీలు కాలేదనుకుంటే పంపనక్కర్లేదు, ఆ మాట సాక్షాత్తూ అడిగినవారే రాసిచ్చారు. ఆఫీసు తెలుగులో విరివిగా వాడే “చెల్లించగలరు” అన్న రూపం మర్యాదైనదే, దాన్ని వదులుకోనక్కర్లేదు. కానీ దాని పక్కన ఒక తేదీ ఉండాలి. “సెప్టెంబర్ 12, శుక్రవారం లోగా తెలియజేయగలరు” అంటే మర్యాదా ఉంది, హద్దూ ఉంది. ఆ తేదీ డబ్బుకు పెట్టిన గడువు కాకూడదు, జవాబుకు పెట్టిన గడువు కావాలి. డబ్బుకు పెట్టే గడువు గుమాస్తా చేతిలో లేనిది. జవాబు ఆయన చేతిలో ఉన్నది.

తేదీ ఎంచుకునేటప్పుడు అకౌంట్స్ విభాగం క్యాలెండర్ కూడా గుర్తుంచుకోవాలి. నెలలో 7న టీడీఎస్ జమ చేయాలి, 11న జీఎస్టీఆర్-1, 20న జీఎస్టీఆర్-3బి. ఆ రోజుల ముందు సాయంత్రం చేరిన మెయిల్‌ను తెరిచే ఓపిక ఎవరికీ ఉండదు. 9న పంపి 12 దాకా సమయం ఇస్తే 11 నాటి పని తెమిలాక ఒక రోజు మిగులుతుంది. ఆ కంపెనీ ఏ వారం చెల్లింపుల జాబితా తయారుచేస్తుందో తెలిస్తే దానికి రెండు రోజుల ముందు మెయిల్ చేరేలా చూడటం ఇంకా మేలు.

సబ్జెక్ట్ లైన్ గురించి ఒక సాంకేతిక సంగతి. రెండో మెయిల్‌కే రిప్లై కొడుతూ పోతే మూడోది కూడా పాత సంభాషణలోనే ముడుచుకుని ఉంటుంది. సబ్జెక్ట్ కూడా అదే పాత “రిమైండర్”. జీమెయిల్‌లో రిప్లై రాసేటప్పుడు సబ్జెక్ట్ మారిస్తే అది కొత్త సంభాషణగా కనిపిస్తుంది, పాత మెయిళ్ల పాఠం మాత్రం కింద అలాగే ఉంటుంది. కాబట్టి ముందు చరిత్ర పోకుండానే కొత్త ఉత్తరంగా కనిపించే వీలుంది. ఇంకొకటి, రిప్లై కొడితే మొదటి మెయిల్‌కు పెట్టిన జతలు దానంతట అవే వెళ్లవు. “బిల్లు పంపాం కదా” అని పంపేవారు అనుకుంటుంటే చదివేవారి ముందు బిల్లు ఉండదు. మూడో మెయిల్‌కు అన్నీ మళ్లీ జతచేయాల్సిందే.

సవరించిన మెయిల్ ఇలా ఉంటుంది.

సబ్జెక్ట్: ఇన్‌వాయిస్ 214, రూ. 1,84,500, గడువు ఆగస్టు 17 – బిల్లు ఏ దశలో ఉందో తెలుపగలరు

“అకౌంట్స్ మేనేజర్ గారికి నమస్కారం.

మీ పర్చేజ్ ఆర్డర్ 5620 ప్రకారం జులై 3న సరఫరా చేసిన ప్యాకింగ్ పెట్టెలకు ఇన్‌వాయిస్ 214 కింద రూ. 1,84,500 ఆగస్టు 17 నాటికి మాకు అందాల్సి ఉంది. ఆగస్టు 20, 29 తేదీల్లో రాసిన మెయిళ్లకు జవాబు మాకు అందలేదు. అవి మీ దాకా చేరకపోయి ఉండవచ్చు, అందుకే కాగితాలన్నీ మళ్లీ జతచేస్తున్నాం.

బిల్లు కింది వాటిలో ఏ దశలో ఉందో సెప్టెంబర్ 12, శుక్రవారం లోగా తెలియజేయగలరు. అంకె ఒక్కటి రాసినా చాలు.

1. బిల్లు మాకు చేరలేదు, లేదా ఇది మా విభాగం చూసేది కాదు. (ఎవరికి పంపాలో చెప్పగలరు.)
2. బిల్లు చేరింది, కాగితాల్లో తేడా వల్ల ఆగింది. (ఏ కాగితమో చెప్పగలరు.)
3. బిల్లు పాసైంది, చెల్లింపు తేదీ ఖరారైంది. (తేదీ చెప్పగలరు.)
4. బిల్లు పాసైంది, తేదీ ఖరారు కాలేదు. (ఎవరితో మాట్లాడాలో చెప్పగలరు.)

ఇన్‌వాయిస్, పర్చేజ్ ఆర్డర్, మీ స్టోర్స్ ముద్ర ఉన్న డెలివరీ చలానా, మా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పత్రం జతచేశాం. ఈ బిల్లును జులై నెల జీఎస్టీఆర్-1లో చూపించాం. సరుకు అందిన వివరాలు పర్చేజ్ విభాగానికి తెలుసు కాబట్టి వారికీ ఈ మెయిల్ ప్రతి పంపుతున్నాం.

శుక్రవారం నాటికి సమాచారం అందకపోతే సోమవారం ఉదయం 11 గంటలకు మీ ఆఫీసుకు ఫోన్ చేస్తాం. ఈలోగా చెల్లింపు జరిగిపోయి ఉంటే యూటీఆర్ నంబరు పంపగలరు, మా ఖాతాలో సరిచూసుకుంటాం.

ధన్యవాదాలు.”

ఇది ముసాయిదా కంటే పొడవైనదే. ఉత్తరం పొట్టిగా ఉంటే మంచిదన్న సలహా ఇక్కడ సగమే వర్తిస్తుంది. చదవడానికి పట్టే సమయం కంటే జవాబివ్వడానికి పట్టే సమయం ముఖ్యం. ఈ మెయిల్‌కు జవాబు ఒక్క అంకె. పైగా 2 అని రాసేవారు ఎవరికీ ఏ మాటా ఇవ్వడం లేదు, జరిగింది చెబుతున్నారంతే. కాబట్టి భయపడాల్సిన పనీ లేదు. నాలుగో ఎంపికను కొందరు తీసేయాలనుకుంటారు, డబ్బు లేదని ఒప్పుకునే అవకాశం ఎందుకివ్వాలని. అది ఉండటమే మేలు. అది లేకపోతే ఆ పరిస్థితిలో ఉన్న మనిషికి రాయడానికి ఏమీ మిగలదు, మౌనమే మిగులుతుంది.

జీఎస్టీ వాక్యం వెనక ఒక కారణం ఉంది. సరఫరాదారు తన జీఎస్టీఆర్-1లో బిల్లు చూపిస్తేనే అది కొనుగోలుదారు జీఎస్టీఆర్-2బి పట్టికలోకి వస్తుంది, అప్పుడే వాళ్లు ఆ పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోగలరు. 2బిలో కనిపించని బిల్లును ఆపిపెట్టే కంపెనీలు చాలా ఉన్నాయి. మూడు నెలలకోసారి రిటర్న్ వేసే పథకంలో ఉన్న చిన్న వ్యాపారులకు ఇది తరచూ తగిలే దెబ్బ. మధ్య నెలల్లో బిల్లులను విడిగా అప్‌లోడ్ చేసే సదుపాయం వాడుకోకపోతే జులై బిల్లు అక్టోబర్ దాకా కొనుగోలుదారుకు కనిపించదు. అలాంటప్పుడు తప్పు ఇటువైపే ఉన్నట్టు. కాబట్టి ఆ వాక్యం రాసే ముందు తమ రిటర్న్‌ను ఒకసారి తెరిచి చూసుకోవాలి.

ఉద్యమ్ పత్రం జతచేయడం ఈ మెయిల్‌లోని అతి నిశ్శబ్దమైన, అతి బలమైన మాట. 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు ఒప్పందం ఎంత ఉన్నా 45 రోజులు మించకుండా చెల్లించాలి. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులే. గడువు దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ లెక్కన పడుతుంది. దీనికి తోడు 2023 ఫైనాన్స్ చట్టం ఆదాయపు పన్ను నిబంధనల్లో ఒక క్లాజు చేర్చింది. అకౌంటెంట్లు దాన్ని 43బి(హెచ్) అంటారు. ఇలాంటి సంస్థలకు గడువు దాటాక చెల్లించిన సొమ్మును, నిజంగా చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపుకోవాలని దాని సారాంశం. ఈ నిబంధనలు చదివే గుమాస్తాకు తెలుసు. మెయిల్‌లో వాటి పేరెత్తితే బెదిరింపులా ఉంటుంది. పత్రం జతచేస్తే సమాచారంలా ఉంటుంది, చేరాల్సిన సంగతీ చేరుతుంది.

అయితే దీని బలం కాలాన్ని బట్టి మారుతుంది. సెప్టెంబర్‌లో ఆలస్యమైన బిల్లును అదే ఆర్థిక సంవత్సరం మార్చి 31 లోపు చెల్లిస్తే కంపెనీకి పన్ను నష్టం ఏమీ లేదు. అందుకే ఫిబ్రవరి, మార్చిలో పనిచేసినంతగా ఈ పత్రం సెప్టెంబర్‌లో పనిచేయదు. పైగా ఈ రక్షణ సూక్ష్మ, చిన్న తయారీ, సేవా సంస్థలకే. మధ్య తరహా సంస్థలకు ఇది లేదు. సరుకు కొని అమ్మే వ్యాపారులకు ఉద్యమ్ నమోదు ఉన్నా అది ప్రాధాన్య రంగ రుణాల కోసమే. అలాంటివారు పత్రం జతచేస్తే తెలిసిన అకౌంటెంట్ నవ్వుకుంటారు.

ప్రతి ఎవరికి పంపాలన్నది సున్నితమైన విషయం. మూడో మెయిల్‌కే కంపెనీ డైరెక్టర్‌ను చేరిస్తే అది ఫిర్యాదు అవుతుంది, గుమాస్తా శత్రువవుతారు, వచ్చే బిల్లు కూడా ఆయన బల్ల మీదికే వెళ్తుంది. ఆర్డర్ ఇచ్చిన పర్చేజ్ విభాగం వారిని చేర్చడం వేరు. వాళ్లకు ఆ సరఫరాదారు అవసరం ఉంది, ఆగిన జీఆర్ఎన్‌ను కదిలించే చనువు స్టోర్స్‌తో ఉంది. ఎందుకు చేర్చారో మెయిల్‌లోనే చెబితే దాపరికం ఉండదు.

సోమవారం ఫోన్ చేస్తామన్న వాక్యం కూడా బెదిరింపు కాదు. అది పంపేవారు తాము చేయబోయే పని. చెప్పిన సమయానికి ఫోన్ తప్పకుండా వెళ్లాలి, లేకపోతే తర్వాతి మెయిల్‌లోని తేదీలను ఎవరూ నమ్మరు.

వచ్చే జవాబును బట్టి తర్వాతి అడుగు ఉంటుంది. 1 వస్తే కొత్త మనిషికి ఇదే మెయిల్ వెళ్తుంది, అక్కడ అది మొదటి మెయిలే, మూడోది కాదు. కాబట్టి అందులో పాత మౌనం ప్రస్తావన తీసేయాలి. 2 వస్తే ఆ కాగితం అదే రోజు పంపాలి. మన ఉదాహరణలో జవాబు అదే వచ్చిందనుకుందాం: పర్చేజ్ ఆర్డర్‌లో 10,000 పెట్టెలు, స్టోర్స్ రసీదులో 9,800. రెండు వందలు రవాణాలో తడిసి తిరస్కరణకు గురయ్యాయి, ఆ సంగతి ప్రెస్‌కు ఎవరూ చెప్పలేదు. ఆ 200 పెట్టెల విలువకు ప్రెస్ క్రెడిట్ నోట్ ఇస్తే మూడు కాగితాలూ సరిపోతాయి, మిగతా సొమ్ము తర్వాతి జాబితాలోకి ఎక్కుతుంది. “ఎప్పుడిస్తారు?” అని ఇంకో పదిసార్లు అడిగినా ఈ తేడా బయటపడేది కాదు.

“చూసి చెబుతాం” అన్న జవాబు అంకె కాదు. దానికి కృతజ్ఞత తెలిపి, చూసి చెప్పే రోజు ఏదో అదే సంభాషణలో అడగాలి. 4 వచ్చినా, ఫోన్‌కు కూడా ఎవరూ పలకకపోయినా మెయిళ్ల పని అక్కడితో అయిపోయింది. ఆ తర్వాతిది సంతకం చేసిన డిమాండ్ లేఖ, స్పీడ్ పోస్టులో. దానికీ ఫలితం లేకపోతే చిన్న సంస్థలు రాష్ట్రంలోని సూక్ష్మ, చిన్న సంస్థల ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. అక్కడ ముందు రాజీ ప్రయత్నం, అది కుదరకపోతే మధ్యవర్తిత్వ తీర్పు. ఆ దరఖాస్తుతో పాటు పర్చేజ్ ఆర్డర్, ఇన్‌వాయిస్ పెట్టాలి. మెయిళ్లు కూడా జతచేస్తే గడువు గురించి ఎన్నిసార్లు, ఏ మాటల్లో గుర్తుచేశారో కౌన్సిల్ ముందుంటుంది. అప్పుడు ఈ మూడో మెయిల్‌ను గుమాస్తా మాత్రమే కాక, రెండు పక్షాల వాదన వినే అపరిచితులు కూడా చదువుతారు.